ఎప్పుడు నిద్ర లేపాలి, ఎప్పుడు పొద్దున చెప్పాలి

సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఉన్న ఇంట్లో ‘ఆన్‌కాల్’ వారం ఎలా గడుస్తుందో హైదరాబాద్‌లో చాలామందికి తెలుసు. ఆ వారం ఫోన్ సైలెంట్‌లో పెట్టరు. పెళ్లికి వెళ్లినా ల్యాప్‌టాప్ సంచి భుజానే ఉంటుంది. అర్ధరాత్రి మోగితే నిమిషాల్లో లేచి కూర్చుని ఏం పాడైందో చూడాలి. ఇలా మనిషిని లేపే పిలుపును ఆ రంగంలో పేజ్ అంటారు. పేజ్‌ను మోగించేది ఒక చిన్న నియమం. ‘తప్పులు ఇంత దాటితే పిలువు’ అని ఎవరో ఒకరోజు రాసి పెట్టి ఉంటారు. ఆ నియమం సరిగా లేకపోతే రెండు రకాల నష్టం జరుగుతుంది. లేపక్కర్లేని చోట మనిషిని పదేపదే లేపుతుంది, లేపాల్సిన చోట గంటసేపు నోరు మెదపదు. ఒకే నియమం ఈ రెండు తప్పులూ చేయగలదు.

ఈ చిక్కుకు ఇప్పుడున్న మంచి పరిష్కారం పేరు బర్న్ రేట్ అలర్ట్. గూగుల్‌లో పెద్ద సర్వీసులను నడిపే ఇంజనీర్లు 2018లో ప్రచురించిన ‘ది సైట్ రిలయబిలిటీ వర్క్‌బుక్’ దీన్ని అంకెలతో సహా వివరించింది. ఆ అంకెలే ఇవాళ ఎన్నో కంపెనీల్లో వాడుకలో ఉన్నాయి. కానీ అవి ఎక్కడి నుంచి వచ్చాయో తెలియకుండా ఎత్తి రాసుకునేవాళ్లూ ఎక్కువే. లెక్క తెలిస్తే ఆ నియమం ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ చెయ్యదో కూడా తెలుస్తుంది. లెక్క కూడా హైస్కూలు స్థాయిదే.

బస్సు సీట్లు బుక్ చేసే ఒక సైటును ఊహించుకుందాం. రోజుకు 10 లక్షల రిక్వెస్టులు వస్తాయి. రిక్వెస్ట్ అంటే బస్సులు వెతకడం, సీటు ఎంచుకోవడం, డబ్బు కట్టడం వంటి ఒక్కో పని. వెయ్యింటిలో 999 సరిగా పూర్తి కావాలని యాజమాన్యం, ఇంజనీర్లు కలిసి లక్ష్యం పెట్టుకున్నారు. అంటే 99.9 శాతం. నూటికి నూరు ఎందుకు పెట్టుకోలేదంటే, అది ఎవరికీ సాధ్యం కాదు, దాని కోసం పెట్టే ఖర్చును ప్రయాణికుడు గమనించను కూడా గమనించడు. మధ్యలో అతని మొబైల్ సిగ్నలే అంతకన్నా ఎక్కువసార్లు తప్పుతుంది.

30 రోజుల్లో 3 కోట్ల రిక్వెస్టులు. అందులో వెయ్యింటికి ఒకటి తప్పొచ్చు కాబట్టి నెలకు 30,000 తప్పుల వరకు మాట తప్పినట్టు కాదు. ఈ 30,000నే ఎర్రర్ బడ్జెట్ అంటారు. ఇంట్లో నెల ఖర్చుకు పక్కన పెట్టిన డబ్బు లాంటిదిది. కొంత ఖర్చవుతూనే ఉంటుంది, అది తప్పు కాదు, నెల మధ్యలో అయిపోతేనే ఇబ్బంది. అదే కాలంలో కొలిస్తే, సైటు మొత్తం ఆగిపోతే ఈ బడ్జెట్ 43 నిమిషాలకు సరిపోతుంది.

ఇక పాత పద్ధతి చూద్దాం. చాలామందికి మొదట తట్టే నియమం ఇది: లక్ష్యం 0.1 శాతం తప్పులు కాబట్టి, పది నిమిషాల కిటికీలో తప్పులు 0.1 శాతం దాటగానే పిలువు. వినడానికి బాగానే ఉంది. మన సైటుకు పది నిమిషాల్లో దాదాపు 7,000 రిక్వెస్టులు వస్తాయి. అందులో 0.1 శాతమంటే ఏడు. ఏడెనిమిది రిక్వెస్టులు తప్పినందుకు రాత్రి రెండింటికి ఒకరిని లేపుతున్నామన్నమాట. ఇలా పది నిమిషాలకోసారి, రోజుకు 144 సార్లు పేజ్ వచ్చే పరిస్థితి ఉన్నా, ఎవరూ లేచి ఏమీ చెయ్యకపోయినా, నెలాఖరుకు సైటు తన లక్ష్యం అంచున నిలబడే అవకాశం ఉంది. ఆ 144 పిలుపుల్లో ఒక్కటీ అవసరమైనది కాదు. నాలుగు రాత్రులు ఇలా గడిచాక మనిషి పేజ్‌ను చదవడం మానేసి చేత్తో నొక్కేసి పడుకుంటాడు. అతన్ని తప్పుపట్టలేం. అయిదో రాత్రి నిజంగా సైటు పడిపోయినా అదే చెయ్యి అదే పని చేస్తుంది.

దీనికి విరుగుడుగా కొందరు ‘గంటసేపు ఆగకుండా తప్పులు వస్తేనే పిలువు’ అని షరతు పెడతారు. ఇది మరీ ప్రమాదం. మొత్తం సైటు ఆగిపోయినా గంట గడిస్తే గానీ పిలుపు రాదు. బడ్జెట్ 43 నిమిషాలకే అయిపోయిందని పైన చూశాం కదా! ఇంకో దారుణం కూడా ఉంది. అయిదు నిమిషాలు పూర్తిగా పడిపోయి, అయిదు నిమిషాలు లేచి, మళ్లీ పడిపోయే జబ్బు వచ్చిందనుకోండి. లేచిన ప్రతిసారీ గంట లెక్క మొదటికొస్తుంది. నెల బడ్జెట్ గంటన్నర లోపే హరించుకుపోతుంది, పేజ్ మాత్రం ఎప్పటికీ రాదు.

రెండు నియమాల్లోనూ లోపం ఒకటే. అవి తప్పులు ఉన్నాయా లేదా అని అడుగుతున్నాయి. అడగాల్సింది బడ్జెట్ ఎంత వేగంగా కరుగుతోంది, ఇప్పటికి ఎంత కరిగింది అని.

ఆ వేగమే బర్న్ రేట్. సరిగ్గా 30 రోజులకు బడ్జెట్ అయిపోయే వేగాన్ని 1 అనుకోవాలి. మన సైటులో అది 0.1 శాతం తప్పులు. తప్పులు 0.2 శాతం అయితే వేగం 2, పదిహేను రోజుల్లో బడ్జెట్ ఖాళీ. 1 శాతం అయితే వేగం 10, మూడు రోజుల్లో ఖాళీ. సైటు మొత్తం పడిపోతే వేగం 1,000. ఇప్పుడు జరుగుతున్న తప్పుల శాతాన్ని లక్ష్యం అనుమతించిన శాతంతో భాగిస్తే చాలు, బర్న్ రేట్ వస్తుంది.

ఇప్పుడు ఇంజనీరు తనను తాను అడగాల్సిన ప్రశ్న: నెల బడ్జెట్‌లో ఎంత భాగం, ఎంతసేపట్లో పోతే మనిషిని లేపడం న్యాయం? వర్క్‌బుక్ ఇచ్చిన మొదటి జవాబు, గంటలో 2 శాతం. నెలకు 720 గంటలు కాబట్టి, మామూలు వేగంతో గంటకు పోవాల్సింది 720లో ఒక వంతు. దానికి బదులు 2 శాతం పోతోందంటే వేగం 720లో 2 శాతం, అంటే 14.4. కాన్ఫిగరేషన్ ఫైళ్లలో కనబడే ఆ వింత అంకె పుట్టుక ఇదే. రెండో జవాబు, ఆరు గంటల్లో 5 శాతం. అదే లెక్క చేస్తే వేగం 6. ఈ రెండింటికీ ఫోన్ మోగాలి. మూడోది, మూడు రోజుల్లో 10 శాతం. దాని వేగం 1. దీనికి ఫోన్ మోగదు. ఆఫీసు ట్రాకర్‌లో ఒక ఇష్యూ నమోదవుతుంది, పని వేళల్లో ఎవరో ఒకరు తీసి చూస్తారు.

ఈ మూడు గేట్ల దగ్గర మన సైటులో ఏం జరుగుతుందో నాలుగు సందర్భాలుగా చూద్దాం. లెక్క సులువు కోసం రద్దీ రోజంతా ఒకేలా ఉందనుకుందాం.

డేటాబేస్ కుప్పకూలి ప్రతి రిక్వెస్టూ తప్పుతోంది. వేగం 1,000. గంట కిటికీలో సగటు 14.4 దాటడానికి ఒక నిమిషం కూడా అక్కర్లేదు, 52 సెకన్లు చాలు. కొలతలు తీసుకునే వ్యవధి కలుపుకుంటే ఒకటి రెండు నిమిషాల్లో ఫోన్ మోగుతుంది. అప్పటికి తప్పిన రిక్వెస్టులు 600, బడ్జెట్‌లో 2 శాతం.

కొత్త వెర్షన్ విడుదలలో పొరపాటు జరిగి అయిదింట ఒకటి తప్పుతోంది. వేగం 200. నాలుగు నిమిషాల 20 సెకన్లకు పిలుపు. అప్పటికి తప్పినవీ 600 చుట్టుపక్కలే.

ఒక సర్వర్ సగం మూర్ఛలో ఉంది, నూటికి ఒకటి తప్పుతోంది. వేగం 10. ఇది 14.4 గేటును తాకదు. ఆరు గంటల గేటు 3 గంటల 36 నిమిషాలకు మోగుతుంది. తప్పినవి 1,500, అంటే 5 శాతం. ఆలస్యంగా అనిపించవచ్చు గానీ, బడ్జెట్ పూర్తిగా పోవడానికి ఇంకా దాదాపు మూడు రోజులుంది. ఈ లోపు భోజనం మధ్యలో పరుగెత్తించాల్సిన అగత్యం లేదు.

పాత ఫోన్ మోడల్ ఒకదానిలో డబ్బు కట్టే పేజీ తెరుచుకోక, మొత్తం మీద 0.2 శాతం తప్పుతోంది. వేగం 2. ఏ పేజూ రాదు. ఒకటిన్నర రోజుకు, 3,000 తప్పుల దగ్గర, ట్రాకర్‌లో ఇష్యూ పడుతుంది. ఇలాంటి నెమ్మదైన జబ్బును పాత పద్ధతి రాత్రికి ఇరవై సార్లు మోగించి చెప్పేది, లేదా అసలు చెప్పేదే కాదు.

నాకు ఈ పద్ధతిలో అన్నిటికంటే నచ్చేది ఇదే. ఎంత త్వరగా పిలవాలన్నది ఎవరూ చేత్తో రాయలేదు. మంట పెద్దదైతే అదే త్వరగా పిలుస్తుంది, చిన్నదైతే అదే ఆగుతుంది. ఒక్కో గేటు దగ్గర మారనిది ప్రయాణికులకు అప్పటికే జరిగిన నష్టం. ఇంజనీరుకు పేజ్ వచ్చిందంటే అందులో ఒక ఖచ్చితమైన సమాచారం ఉంటుంది: నెలకు ఒప్పుకున్న నష్టంలో ఇంత భాగం ఇప్పటికే జరిగిపోయింది.

కానీ గంట కిటికీతో ఒక చికాకు ఉంది. పైన చెప్పిన విడుదల పొరపాటునే తీసుకోండి. ఉదయం 11:10కి కొత్త వెర్షన్ వెళ్లింది. 11:14కి పేజ్ వచ్చింది. ఆన్‌కాల్ ఇంజనీరు గ్రాఫ్ తెరిచి, తప్పులు మొదలైన క్షణం, విడుదల క్షణం ఒకటేనని చూసి, 11:30కల్లా పాత వెర్షన్ వెనక్కి తెచ్చాడు. అప్పటి నుంచి ఒక్క తప్పూ లేదు. అయినా గంట కిటికీ వెనక్కి చూస్తోంది కదా, ఆ 20 నిమిషాల తప్పులు దానికింకా కనబడుతూనే ఉంటాయి. సగటు 14.4 కిందికి దిగేసరికి మధ్యాహ్నం 12:25 దాటుతుంది. దాదాపు గంటసేపు, ఆరిపోయిన మంటకు అలర్ట్ ఎర్రగా వెలుగుతూ ఉంటుంది. ఈలోగా నిజంగా రెండో సమస్య మొదలైతే? అలర్ట్ ముందే మోగి ఉంది కాబట్టి కొత్త పిలుపు రాదు.

అందుకే రెండో కిటికీ పెడతారు. పెద్ద కిటికీలో పన్నెండో వంతు: గంటకు 5 నిమిషాలు, ఆరు గంటలకు 30 నిమిషాలు, మూడు రోజులకు 6 గంటలు. రెండు కిటికీల్లోనూ వేగం గీత దాటితేనే అలర్ట్. పెద్దది ‘నష్టం చెప్పుకోదగినదే’ అని చెప్తుంది, చిన్నది ‘ఇప్పటికీ జరుగుతోంది’ అని చెప్తుంది. మన ఉదాహరణలో 11:30కి సరిచేస్తే 11:35 లోపే గంట గేటు దానంతటదే ఆరిపోతుంది. చిన్న కిటికీ ఒక్కటే ఉంటే మాత్రం కష్టం. 30 సెకన్ల పాటు నెట్‌వర్క్ తుళ్లి అన్నీ తప్పినా అది కంగారుపడుతుంది. గంట కిటికీలో ఆ 30 సెకన్లు 0.83 శాతమే, గీత 1.44 శాతం దగ్గర ఉంది కాబట్టి ఎవరికీ నిద్రాభంగం ఉండదు.

ఈ పనికి విరివిగా వాడే ప్రొమీథియస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో, పేజ్ చేసే రెండు గేట్లూ కలిపి రాస్తే ఇంతే:

```
- alert: BookingBudgetBurn
  expr: |
    (booking:error_ratio:rate1h > 14.4 * 0.001
      and booking:error_ratio:rate5m > 14.4 * 0.001)
    or
    (booking:error_ratio:rate6h > 6 * 0.001
      and booking:error_ratio:rate30m > 6 * 0.001)
  labels:
    severity: page
```

ఇందులో `0.001` అన్నది మన 0.1 శాతం. `error_ratio` అన్నవి ముందే లెక్కగట్టి పెట్టుకున్న తప్పుల నిష్పత్తులు, చివర ఉన్నది కిటికీ నిడివి. మూడో గేటును వేరే నియమంగా రాసి, దాని `severity` దగ్గర పేజ్ కాకుండా ట్రాకర్‌కు వెళ్లే పేరు పెట్టాలి.

ఇక ఈ లెక్క ఎక్కడ తడబడుతుందో చెప్పకపోతే సగమే చెప్పినట్టు.

రద్దీ రోజంతా ఒకేలా ఉందనుకున్నాం. నిజానికి ఉండదు. బర్న్ రేట్ శాతాల మీద నడుస్తుంది, బడ్జెట్ మాత్రం తప్పుల సంఖ్య. తెల్లవారుజామున గంటకు 5,000 రిక్వెస్టులే వస్తున్నప్పుడు 14.4 వేగం అంటే తప్పినవి 72. బడ్జెట్‌లో పావు శాతం కూడా కాదు, అయినా పేజ్ వస్తుంది. సంక్రాంతికి ఊళ్లకు వెళ్లే బస్సుల బుకింగ్ తెరిచిన గంటలో లక్షన్నర రిక్వెస్టులు వచ్చాయనుకోండి. అదే 14.4 వేగం దగ్గర 2,160 తప్పుతాయి, ఒక్క గంటలో 7 శాతం బడ్జెట్ పోతుంది. అంటే నిశిరాత్రి అవసరానికి మించి అరుస్తుంది, పండగ రద్దీలో అవసరం కన్నా మెల్లగా మాట్లాడుతుంది. రద్దీలో హెచ్చుతగ్గులు మరీ ఎక్కువగా ఉండే సర్వీసులు, ఆ గంట తప్పులను నెల మొత్తం మీద రావాల్సిన రిక్వెస్టులతో పోల్చి లెక్కగట్టడం మంచిది. పండగ బుకింగ్ రోజున అలర్ట్ మీద భారం వేయకుండా మనుషులే గ్రాఫుల ముందు కూర్చోవడం ఇంకా మంచిది.

రద్దీ అసలే తక్కువైన సర్వీసుకు ఈ పద్ధతి పనికిరాదనే చెప్పాలి. గంటకు పది రిక్వెస్టులు వచ్చే చోట నెలకు 7,200. అనుమతించిన తప్పులు ఏడు. ఒక్కటి తప్పినా ఆ గంటలో తప్పులు 10 శాతం, వేగం 100, వెంటనే పేజ్. ఒకే ఒక్క తప్పు నెల బడ్జెట్‌లో 14 శాతం మింగేసింది మరి. అలాంటి చోట కృత్రిమంగా పరీక్ష రిక్వెస్టులు పంపి సంఖ్య పెంచడమో, చిన్న సర్వీసులు కొన్నింటిని కలిపి కొలవడమో, లక్ష్యాన్నే కాస్త తగ్గించుకోవడమో చెయ్యాలి.

లక్ష్యం మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా అంకెలు చెడతాయి. 90 శాతం లక్ష్యం పెట్టుకున్న సర్వీసు మొత్తం పడిపోయినా వేగం 10 దాటదు, కాబట్టి 14.4 గేటు జన్మలో మోగదు. అక్కడికి 14.4ను ఎత్తి రాస్తే, ఉందనుకున్న కాపలా లేనట్టే. 99.999 శాతం లక్ష్యానికి నెల బడ్జెట్ 26 సెకన్లు. ఏ పేజ్ వచ్చినా మనిషి కళ్లు తెరిచే లోపే అది అయిపోతుంది. అక్కడ మనిషిని పిలిచి లాభం లేదు, యంత్రమే దానంతటది తేరుకునేలా కట్టుకోవాలి.

అన్నిటికన్నా ప్రమాదకరమైన గుడ్డి మూల ఇంకొకటుంది. తప్పును ఎక్కడ కొలుస్తున్నామన్నది. సర్వర్ తన తప్పులను తానే లెక్కపెట్టుకుంటూ ఉంటే, ఆ సర్వర్ పూర్తిగా చచ్చిపోయినప్పుడు లెక్కపెట్టేవాడూ చచ్చిపోయినట్టే. రిక్వెస్టుల కొలతా రాదు, తప్పుల కొలతా రాదు. కొలతే లేకపోతే ప్రొమీథియస్‌లో ఆ లెక్కకు ఏ ఫలితమూ రాదు, గీత దాటేది ఏమీ ఉండదు. సైటు బయట జనం కేకలు పెడుతుంటే లోపల అలర్ట్ పచ్చగా ఉంటుంది. అందుకే తప్పులను ప్రయాణికుడికి దగ్గరగా, రిక్వెస్టులను సర్వర్లకు పంచే లోడ్ బ్యాలెన్సర్ దగ్గర కొలవాలి. రద్దీ హఠాత్తుగా మాయమైతే పిలిచే నియమం వేరుగా ఉండాలి. జవాబు వచ్చినా ముప్పై సెకన్లకు వస్తే ప్రయాణికుడికి అది తప్పే కాబట్టి, మరీ ఆలస్యమైన జవాబులనూ తప్పుల్లో కలపాలి.

ఈ అంకెలను వాడాలనుకునే టీములకు ఒక మనవి. 14.4, 6, 1 అన్నవి మొదలుపెట్టడానికి మంచివి, శాసనాలు కావు. వాటిని ఫైల్లో రాసి అదే రాత్రి ఎవరి ఫోన్‌కో కలిపేయకండి. ముందు మీ సర్వీసు గత 30 రోజుల కొలతల మీద ఈ నియమాన్ని నడిపి చూడండి. ఆ నెలలో మీకు గుర్తున్న ప్రతి పెద్ద సమస్యకూ పిలుపు వచ్చి ఉండేదా, ఎన్ని నిమిషాలకు వచ్చి ఉండేది, మనిషి చేసేదేమీ లేని పిలుపులు ఎన్ని ఉండేవి, ఈ మూడూ రాసుకుని, ఆన్‌కాల్ చేసేవాళ్లతో కూర్చుని అంకెలు సరిచేయండి. ఆ తర్వాతే ఫోన్‌కు కలపండి.